ఏడో వరుసలో ఏనుగు: బంటు ఎప్పుడు వదలాలి

చిన్న తల్లికి,

నువ్వు పంపిన గేమ్‌ని బోర్డు మీద పెట్టి రెండుసార్లు ఆడి చూశాను. మీరంతా రూక్ అంటారు, నాకు అది ఏనుగే. ఏనుగును b7కి పంపడం కోసం బంటు వదిలేశావు. ఓడాక, "పెదనాన్నా, ఏడో వరుసలో ఏనుగు బంటు విలువ చేస్తుందని మీరే కదా అన్నారు" అని రాశావు. అన్నాను, నిజమే. సగం చెప్పి వదిలేసిన తప్పు నాదే. మిగతా సగం ఇదిగో.

ముందు నీ గేమ్ చూద్దాం. నీ ఏనుగు b7కి చేరేసరికి నల్లవాళ్ళకి f7, g7, h7 బంట్లు, g8లో రాజు, a5లో అడ్డులేని బంటు ఉన్నాయి. నీ వైపు f2, g2, h2 బంట్లే మిగిలాయి. b7 నుంచి నీ ఏనుగు దేన్ని కొడుతోందో ఒక్కసారి చూడు. f7 ఒక్కటే, దాన్ని రాజు కాస్తున్నాడు. అంటే చూడ్డానికి గంభీరంగా ఉన్నా అక్కడ ఏనుగుకి పని లేదు. ఈలోగా a5 బంటు a4కి, అక్కణ్ణించి a3కి నడిచింది. నీ ఏనుగు a7కి వెళ్ళి దాని వెనక కాపలా కూర్చుంది. అలాంటి ఆట ఓడిపోవాలని రాసిపెట్టి లేదు, పట్టుగా ఆడితే డ్రా చేసుకోవచ్చు. కానీ బంటు ఇచ్చి నువ్వు కొనుక్కున్నది డ్రా కోసం గంటసేపు వేలాడటం.

ఇప్పుడు దీని పక్కన ఇంకో గేమ్ పెడతాను. 1924, న్యూయార్క్ టోర్నమెంట్. తెల్లపావులు కాపబ్లాంకావి, నల్లపావులు తార్తకోవర్‌వి. 34వ ఎత్తులో గుర్రం, బిషప్ మారిపోయాక బోర్డు ఇలా ఉంది:

```
తెలుపు: Kf3, Rh7, a4, c3, d4, f4, g5
నలుపు: Kf8, Rc6, a7, b6, c7, d5, f5
```

చెరో ఐదు బంట్లు. తెల్ల ఎత్తు. నల్ల ఏనుగు c3 మీద కన్నేసి ఉంది. మన క్లబ్బులో ఎవరైనా ముందు ఆ c3 సంగతే చూస్తారు. కాపబ్లాంకా 35.Kg3 ఆడాడు. ఆ బంటు షాతో సహా పోయేటట్టు ఆడాడన్నమాట. తర్వాత జరిగింది ఇది:

```
35.Kg3 Rxc3+ 36.Kh4 Rf3 37.g6 Rxf4+
38.Kg5 Re4 39.Kf6 Kg8 40.Rg7+ Kh8 41.Rxc7 Re8
42.Kxf5 Re4 43.Kf6 Rf4+ 44.Ke5 Rg4 45.g7+ Kg8
46.Rxa7 Rg1 47.Kxd5
```

52వ ఎత్తుకి నల్లవాళ్ళు చేతులెత్తేశారు. దీన్ని గబగబా ఆడేయకు, 38 దగ్గర ఆగు. అప్పటికి నల్లవాళ్ళకి ఐదు బంట్లు, తెల్లవాళ్ళకి మూడే. రెండు బంట్లు తక్కువైనా ఆట తెల్లవాళ్ళదే. ఎందుకంటే h7లో ఉన్న ఏనుగు నల్ల రాజును ఎనిమిదో వరుసకి కట్టేసింది. ఆ గదిలోంచి బయటికి దారి లేదు. తెల్ల రాజు f6కి వచ్చేసరికి Rh8తో మాత్ అనే బెదిరింపు పుట్టింది. g6 బంటు f7కి, h7కి కాపలా కాస్తోంది, కాబట్టి 39...Kg8 ఆడి ఏనుగు మీదికి వచ్చినా దాన్ని తినలేడు. అంటే అక్కడ పని చేస్తున్నవి మూడు: ఏనుగు, రాజు, g బంటు. నీ b7 ఏనుగు ఒంటరిది. తేడా అంతా ఇక్కడే ఉంది.

ఇంకో సంగతి, నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. నల్లవాళ్ళు రెండు బంట్లనూ షా చెబుతూ తిన్నారు. మామూలుగా షాతో తింటే ఎదుటివాడికి ఎత్తు దండగవుతుంది. ఇక్కడ మొదటి షా రాజును h4కి తోలింది, రెండోది g5కి తోలింది. రాజు ఎలాగూ వెళ్ళాలనుకున్న దారే అది. Kg3, Kh4, g6, Kg5, Kf6 అని ఐదు ఎత్తుల ప్రయాణం. దాన్ని ఆపడానికి నల్ల ఏనుగు దగ్గర ఒక్క ఎత్తు లేదు, తినడానికే సరిపోయింది.

కాబట్టి బంటు ఇచ్చే ముందు నువ్వు లెక్కపెట్టాల్సింది బంట్లను కాదు, ఎత్తులను. నీ రాజు గానీ, నడిచే బంటు గానీ ఎన్ని ఎత్తుల్లో ఏనుగును కలుసుకుంటుంది? ఆ లోపల ఎదుటివాడి ఏనుగు తిండి ముగించుకుని తిరిగి కాపలాకి రాగలదా? వాడికి అడ్డులేని బంటు ఉంటే అది ఎక్కడిదాకా నడుస్తుంది? ఇక్కడ తార్తకోవర్ బంట్లేవీ ఆ ఐదు ఎత్తుల్లో ప్రమాదం తెచ్చే దూరంలో లేవు. నీ గేమ్‌లో a5 బంటు అప్పటికే తయారుగా ఉంది.

ఎదుటివాడి బంట్లు ఇంకా ఏడో వరుసలో ఉన్నాయా అన్నదీ చూడాలి. తార్తకోవర్‌కి a7, c7 కదలకుండా మిగిలాయి. 41వ ఎత్తులో c7, 46లో a7 పోయాయి. అవి అప్పటికే a6కీ c6కీ జరిగి ఏడో వరుసలోంచి బయటపడి ఉంటే ఏనుగు దారిలో పండ్లు కోసినట్టు అంత తేలిగ్గా కోసుకునేది కాదు.

కానీ అసలు పాఠం తినడంలో లేదు. 36...Rf3 తర్వాత c7 బంటుకి కాపలా లేదు, 37.Rxc7 చేతికందే దూరంలోనే ఉంది. ఆయన తినలేదు, g6 నడిపాడు. తర్వాత 39లో f5 బంటు రాజు పక్కనే ఉంది, దాన్నీ తినలేదు, Kf6 ఆడాడు. ఎందుకో తెలుసా? f5లో నల్ల బంటు నిలబడి ఉన్నంతకాలం f నిలువు వరుసలో కిందనుంచి నల్ల ఏనుగు షా చెప్పలేదు. శత్రువు బంటే గొడుగు పట్టింది. 41వ ఎత్తులో c7ని తిన్నాడంటే, అప్పుడది ఊరికే తినడం కాదు, c8లో మాత్ బెదిరింపు కూడా. అందుకే నల్ల ఏనుగు Re8 అని చతికిలబడింది. ఆ తర్వాతే f5 తిన్నాడు. 47వ ఎత్తుకి లెక్క చూడు: తెల్లవాళ్ళకి a4, d4, g7 మూడు బంట్లు, నల్లవాళ్ళకి b6 ఒక్కటి.

ఏడో వరుసకి చేరగానే కనబడ్డ బంటునల్లా కొట్టే అలవాటు నీకుంది (నీ పాత గేమ్‌లు చూశాను, బుకాయించకు). అలా కొట్టడం వల్ల ఏనుగు ఆ వరుసలోంచి బయటపడుతుంది, లేదా ఎదుటి రాజు గదిలోంచి జారుకుంటాడు. ఇచ్చిన బంటుకి బదులు బంటు రాగానే నీకు ఖాతా సరిపోయినట్టుంటుంది. అసలు వడ్డీ రాజు దగ్గరే ఉంటుంది.

ఆదివారం మీ నాన్నతో కలిసి ఆ పొజిషన్ పెట్టు. నువ్వు తెల్లవైపు కూర్చుని 39.Kf6కి బదులు 39.Kxf5 ఆడు. మీ నాన్నని Rxd4 తినమను. నువ్వు Kf6 అంటావు, ఆయన Rf4+ అంటారు. అక్కణ్ణించి నీ రాజు ఎటు పరిగెత్తాల్సి వచ్చిందో ఎత్తులన్నీ కాగితం మీద రాసి పంపు. నల్లవైపు ఆడుతున్నప్పుడు ఇదే వరుస నీకు రెండోదవుతుందని మర్చిపోకు, మొన్నటి గేమ్‌లో d2కి దారి తెరిచి ఉన్నా నువ్వు చూడలేదు.

మీ పెదనాన్న