పైకప్పు లీకేజీ గురించి మా ఓనరు గారికి నేను రాసిన మెయిల్

ప్రశ్న: "అద్దె ఇంట్లో పైకప్పు నుంచి నీళ్ళు కారుతున్నాయి. నెల దాటింది. ఓనరు ‘చూద్దాం’ అంటున్నారే గానీ రావడం లేదు. మర్యాద తప్పకుండా, గట్టిగా మెయిల్ ఎలా రాయాలి?"

హైదరాబాదులో మేము అద్దెకున్న ఫ్లాటులో ఇదే ఇబ్బంది 37 రోజులు పడ్డాను. ఆ రోజుల్లో నేను రాసిన మొదటి మెయిల్ పంపకుండా ఆపినది మా అక్కయ్య. రెండు పేజీల మెయిల్ అది, అందులో ‘నిర్లక్ష్యం’ అనే మాట మూడు చోట్ల ఉంది. ఆమె మొత్తం చదివి, "ఒరేయ్, ఇందులో ఆయన చేయాల్సిన పని ఏ వాక్యంలో ఉందో చూపించు" అని అడిగింది. వెతికితే ఒక్క వాక్యమూ దొరకలేదు. చాలామంది మెయిళ్ళు పనిచేయకపోవడానికి కారణం ఇదేనని అప్పటి నుంచి నమ్ముతున్నాను.

మెయిల్ రాయడానికి ముందు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో మనకు తెలియాలి. మా ఓనరు గారు ప్రతిసారీ "వానలు కదండీ, తగ్గితే అదే ఆరిపోతుంది" అనేవారు. మాది రెండో అంతస్తు, పైన మూడో అంతస్తు ఉంది, ఆ పైన డాబా. మరక పడింది మా పడకగదిలో, సరిగ్గా పై ఫ్లాటు బాత్రూం కింద ఉన్న మూలలో. ప్రతి ఆదివారం మరక అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఫోటో తీసేవాణ్ణి. రెండు వారాల్లో మరక జానెడు పెరిగింది. చుక్కలు ఉదయం ఏడు నుంచి తొమ్మిది మధ్య, పైవాళ్ళు స్నానాలు చేసే వేళకే ఎక్కువగా పడేవి. జులై మొదట్లో వాళ్ళు నాలుగు రోజులు ఊరెళ్ళారు. అందులో రెండు రోజులు వాన గట్టిగా కురిసింది, అయినా మూడో రోజుకు చుక్క ఆగిపోయింది. వాళ్ళు తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ మొదలైంది.

ఈ ఒక్క విషయంతో వాన సంగతి తేలిపోయింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు పగిలి ఉంటే, కుళాయి తిప్పినా తిప్పకపోయినా నీళ్ళు కారుతూనే ఉండాలి, కాబట్టి అదీ కాదు. మిగిలింది వాడిన నీళ్ళు పోయే దారి, అంటే టైల్స్ సందులు గానీ, బాత్రూం నేలలో నీళ్ళు దిగే చోట ఉండే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు గానీ. ఈ పరిశీలనను మెయిల్‌లో మూడు వాక్యాల్లో పెట్టాను. ఆ తర్వాత వాన ప్రస్తావన మళ్ళీ రాలేదు.

రెండో చిక్కు, పై ఫ్లాటు మా ఓనరు గారిది కాదు, వేరేవాళ్ళది. "పైవాళ్ళతో మీరే మాట్లాడుకోండి" అని ఆయన అన్నప్పుడు నేను వెళ్ళి మాట్లాడాను కూడా, అది నా పొరపాటు. అద్దె ఒప్పందం నాకూ ఓనరు గారికీ మధ్య ఉంది. పై ఫ్లాటు యజమానిని గానీ, అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ను గానీ హక్కుతో అడగగలిగేది ప్రధానంగా ఫ్లాటు సొంతదారుడే. అద్దెకున్నవాడు మెట్లెక్కి అడిగితే, అది ఇరుగుపొరుగు తగవుగా మారుతుంది.

మూడోది చట్టం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఇందుకు విరుద్ధమైన షరతు ఉంటే మాత్రం ఆ షరతే చెల్లుతుంది, కనుక ముందు మీ ఒప్పందంలో మరమ్మతుల పేరా చదవండి. తగిన సమయం అంటే ఎన్ని రోజులో చట్టం చెప్పలేదు. లెక్క నోటీసుతో మొదలవుతుంది, ఫోనులో చెప్పిన మాటకు రుజువు మిగలదు, అందుకే మెయిల్ కావాలి. అంతే కాదు, పై ఫ్లాటులోకి వెళ్ళి పని చేయించే హక్కు మనకు లేదు. చేయలేని పనిని చేస్తానని బెదిరించిన మెయిల్ అక్కడే బలం పోగొట్టుకుంటుంది. అద్దె మొత్తం ఆపేస్తానని రాయడమూ అలాంటిదే, అలా ఆపితే తప్పు మన వైపుకు వచ్చేస్తుంది.

చివరికి పంపినది ఇది. ఆఫీసు ఇంగ్లీషులో రాస్తే ఎంత మెత్తగా రాసినా లాయరు నోటీసులా ఉంటుందని నా అభిప్రాయం, అందుకే తెలుగులోనే రాశాను.

"విషయం: పడకగది పైకప్పు లీకేజీ, జులై 28 లోగా పరిశీలన కోసం

అయ్యా, నమస్కారం.

జూన్ 14న మా పడకగది పైకప్పులో తడి మరక కనిపించింది. అదే రోజు మీకు ఫోను చేశాను, జూన్ 29న ఫోటోలు పంపాను, జులై 10న స్వయంగా కలిశాను. ఈ రోజుకు 37 రోజులైంది.

పైవారు ఊళ్ళో లేనప్పుడు వాన పడినా లీకేజీ ఆగింది, వారు వచ్చాక మళ్ళీ మొదలైంది. కాబట్టి పై బాత్రూం నీరే కారణమని అనుకుంటున్నాను. మరక ఇప్పుడు లైటుకు అడుగు దూరంలో ఉంది, అందువల్ల ఆ లైను స్విచ్ ఆపేసి ఉంచాము. మంచం హాల్లోకి మార్చాము. తేదీలతో ఫోటోలు జత చేశాను.

దయచేసి జులై 28 లోగా ప్లంబరుతో వచ్చి చూడండి. పై ఫ్లాటు యజమానితోనూ, అసోసియేషన్‌తోనూ మీరే మాట్లాడి, ఆగస్టు 10 లోగా పని పూర్తి చేయించమని కోరుతున్నాను. శని, ఆదివారాల్లో రోజంతా ఇంట్లోనే ఉంటాను.

28వ తేదీ నాటికి మీ నుంచి కబురు రాకపోతే, మా గదిలోని వైరింగు వరకు ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించి, అంచనా ముందుగా మీకు పంపి, ఆ మొత్తాన్ని ఆగస్టు అద్దెలో మినహాయిస్తాను. ఆగస్టు 10 నాటికీ లీకేజీ ఆగకపోతే, నోటీసు గడువు లేకుండా ఖాళీ చేయడానికీ, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇవ్వడానికీ మీ అంగీకారం కోరుతాను. మీతో మాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు, ఇక్కడే ఉండాలనే మా కోరిక.

ఇట్లు,
మీ అద్దెదారు"

ఇదే కాగితం మీద తీసి స్పీడ్ పోస్టులో కూడా పంపాను. మర్నాడు ఆయన ఫోను చేశారు, నాలుగో రోజు ప్లంబరును తీసుకొచ్చారు. ప్లంబరు పై బాత్రూంలో నహానీ ట్రాప్‌కు గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్ళు నిలిపి ఒక రోజు ఆగాడు. మర్నాటికి మా మరక చుట్టూ తడి బాగా పెరిగింది. డ్రెయిన్ పైపులోకి నీళ్ళు పోకుండానే తడి పెరిగింది కాబట్టి, లోపం నేలలోనే ఉందని తేలింది. ట్రాప్ చుట్టూ సిమెంటు వదులై ఉంది. దాన్ని బాగుచేయించిన ఖర్చు పై ఫ్లాటు వారు పెట్టుకున్నారు, మా గదిలో పని ఖర్చు మా ఓనరు గారు పెట్టుకున్నారు.

లీకేజీ ఆగిన మూడో రోజే పెయింటరు వచ్చి పుట్టీ పెట్టబోయాడు. నేను ఒప్పుకోలేదు. స్లాబులోని తేమ బయటికి రాకముందే రంగు వేస్తే అది పొంగి, పెచ్చులుగా ఊడుతుంది. అప్పుడు లీకు మళ్ళీ మొదలైందో, పాత తేమే బయటికి వస్తోందో చెప్పడం కష్టం. ప్లాస్టరును వేలి కణుపుతో తట్టి చూసి, బోలుగా మోగిన చోట్ల చెక్కించి, మూడు వారాలు ఫ్యాను వేసి ఆరబెట్టాము. ఆ మూడు వారాల్లో మరక చివరి పెన్సిలు గీతను దాటలేదు. ఆ తర్వాతే పుట్టీ పెట్టించి, మంచం మళ్ళీ గదిలోకి తెచ్చుకున్నాము.