కప్పు మీద పేరు కనిపించాలి, వెనక దుకాణం కరిగిపోవాలి

ప్రశ్న: మాది విశాఖలో అరకు కాఫీ అమ్మే చిన్న దుకాణం. ప్రకటన కోసం ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎం.ఎం. లెన్సు పెట్టి, ఎఫ్/1.8 దగ్గర కప్పును ఫొటో తీయించాం. వెనక భాగం బాగానే మసకబారింది. కానీ కప్పు మీద మా పేరులో మొదటి, చివరి అక్షరాలు కూడా మసకగా వచ్చాయి. ఎఫ్/1.2 లెన్సు అద్దెకు తెస్తే బాగుంటుందని అంటున్నారు. ఈసారి ఫొటోగ్రాఫర్‌కు ఇచ్చే కాగితంలో ఏ లెన్సు, ఏ అపర్చర్ రాయాలి? అప్పటిదాకా ఫోనులో పోర్ట్రెయిట్ మోడ్‌తో తీసినవి వాడుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎఫ్/1.2 లెన్సు తేవద్దు. మీ ఇబ్బంది దానితో ఇంకా పెరుగుతుంది. కాగితంలో 100 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/4 అని రాయండి. దాని పక్కనే, కప్పుకూ వెనక కనిపించే వస్తువులకూ మధ్య 3 మీటర్ల ఖాళీ ఉండాలని కూడా రాయండి. ఈ మూడో అంకెను ఎవరూ రాయరు. నగల వాళ్లు, మిఠాయిల వాళ్లు, కాఫీ వాళ్లు అందరూ పంపే ఫిర్యాదు ఒకటే కావడానికి కారణం కూడా అదే.

ఎక్కడ తేడా వచ్చిందో మీ కప్పు మీదే లెక్క వేసి చూద్దాం. ఫొటో అడ్డంగా 30 సెంటీమీటర్ల మేర పట్టేలా తీశారనుకుందాం. కప్పుతో పాటు కాస్త బల్ల, కాస్త ఖాళీ ఉండాలంటే దాదాపు అంతే పడుతుంది. ఆ కొలతలో ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు మొత్తం 8 మిల్లీమీటర్లు. ఇంత దగ్గరి నుంచి తీసినప్పుడు అది ఫోకస్ చేసిన చోటికి ముందు సగం, వెనక సగంగా పడుతుంది. ముందు మూడో వంతు, వెనక రెండు వంతులు అని చెప్పే పాత సూత్రం ఇక్కడ పనికిరాదు. అంటే మీ పేరులోని మధ్య అక్షరం మీద ఫోకస్ చేస్తే, దాని వెనక మిగిలేది 4 మిల్లీమీటర్లే.

కప్పు గుండ్రంగా ఉంటుంది. 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న కప్పు మీద ఎదుటి నుంచి చూసినప్పుడు 5 సెంటీమీటర్ల వెడల్పు కనిపించేలా పేరు ముద్రిస్తే, దాని రెండు చివరలూ మధ్య అక్షరం కన్నా దాదాపు 9 మిల్లీమీటర్లు వెనక్కి ఉంటాయి. లెన్సు స్పష్టంగా చూపగలిగింది 4, మీ అక్షరాలు ఉన్నది 9 దగ్గర. అందుకే చివరి అక్షరాలు పోయాయి. ఇందులో లెన్సు తప్పు లేదు, ఫొటోగ్రాఫర్ చేయి వణకడమూ లేదు. ఎఫ్/1.2 దగ్గర మొత్తం లోతు 6 మిల్లీమీటర్లకు పడిపోతుంది, అంటే ఫోకస్ వెనక 3 కూడా మిగలదు. ఎఫ్/4 దగ్గర మాత్రం మొత్తం లోతు 19 మిల్లీమీటర్లు అవుతుంది. మధ్య అక్షరం మీద ఫోకస్ చేసినా వెనక 9కి పైగా ఉంటుంది కాబట్టి పేరు చివరి దాకా దక్కుతుంది. మధ్య అక్షరానికి రెండు అక్షరాల పక్కన ఫోకస్ చేస్తే ఇంకాస్త నిశ్చింత. కప్పు వెనక అంచు 8 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కనుక అది అప్పటికీ మెత్తగానే కనిపిస్తుంది. మీరు కోరుకునే ఆ సున్నితత్వం ఎక్కడికీ పోదు.

మరి వెనక దుకాణం మసకబారడం తగ్గదా అన్నది మీకు వచ్చే తర్వాతి అనుమానం. ఇక్కడే చాలామంది రెండు వేరు వేరు విషయాలను ఒకటిగా చూస్తారు. కప్పు ఫ్రేములో అదే పరిమాణంలో ఉన్నంత కాలం, దాని మీద ఎంత లోతు స్పష్టంగా వస్తుందన్నది ఎఫ్ అంకెను బట్టే ఉంటుంది. 50 పెట్టినా 100 పెట్టినా ఆ లోతులో చెప్పుకోదగిన తేడా రాదు, ఎందుకంటే 100తో మీరు రెట్టింపు దూరం వెనక్కి జరుగుతారు. వెనక భాగం ఎంత కరుగుతుందన్నది మాత్రం లెన్సులో తెరుచుకున్న రంధ్రం అసలు వ్యాసాన్నీ, కప్పు వెనక ఉన్న ఖాళీనీ బట్టి ఉంటుంది. ఆ వ్యాసం ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే వస్తుంది. 100 ఎం.ఎం. లెన్సు ఎఫ్/4 దగ్గర 25 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 50 ఎం.ఎం. అదే ఎఫ్/4 దగ్గర 12.5 మాత్రమే.

మీరు తీసిన ఫొటోలో గోడ కప్పుకు మీటరు వెనక ఉందనుకుందాం. 50 ఎం.ఎం., ఎఫ్/1.8తో కప్పుకు 47 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే, గోడ మీద మెరిసే చిన్న దీపం ఫొటోలో కప్పు కొలతతో పోల్చి చూస్తే 19 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా పరుచుకుంటుంది. ఇప్పుడు 100 ఎం.ఎం., ఎఫ్/4 పెట్టి 93 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తూ, గోడ కప్పుకు 3 మీటర్ల వెనక ఉండేలా చూడండి. ఆ దీపం అప్పుడూ 19 మిల్లీమీటర్లే పరుచుకుంటుంది. వెనక మసక అంతే ఉంది, కప్పు మీద స్పష్టమైన లోతు మాత్రం రెండింతలు దాటింది. పైగా ఈ ఖాళీ కోసం కొత్తగా కొనాల్సింది ఏదీ లేదు. బల్లను గోడ దగ్గరి నుంచి జరిపి, దుకాణం పొడవు మొత్తం వెనక ఉండేలా తలుపు వైపు తిప్పుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. లెన్సు అమ్మేవాళ్లు ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత గొప్పదన్నట్టు ప్రచారం చేస్తారు. చీకట్లో పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకు అది నిజమే. బల్ల మీద కదలకుండా కూర్చున్న కప్పుకు, ట్రైపాడ్ మీద ఉన్న కెమెరాకు వెలుతురు కొరత ఎందుకు ఉంటుంది? సెకనులో పదో వంతు పాటు షట్టర్ తెరిచి ఉంచినా కప్పు ఎక్కడికీ పోదు. ఆవిరి కదులుతుందంటే దానికి వెనక నుంచి దీపం కావాలి, ఎఫ్/1.2 కాదు. వేల రూపాయల అద్దె దండగ.

కెమెరా ఎత్తు కూడా రాయించండి. పేరు ఉన్న ఎత్తుకే లెన్సు రావాలి. కాఫీ మీది నురగ కూడా కనిపించాలని కెమెరాను 25 డిగ్రీలు వంచి పై నుంచి తీస్తే, 4 సెంటీమీటర్ల ఎత్తున్న అక్షరాల పైకొసకూ కిందికొసకూ మధ్య 17 మిల్లీమీటర్ల లోతు తేడా వస్తుంది. దానికి కప్పు గుండ్రదనం తోడైతే ఎఫ్/4 చాలదు. నురగే ముఖ్యమైతే ఎఫ్/8కి వెళ్లి, వెనక మసక సగానికి తగ్గుతుందని ఒప్పుకోవాలి. లేదా నురగకు ఒక ఫొటో, పేరుకు ఒక ఫొటో వేరువేరుగా తీయాలి. నా సలహా రెండోదే.

ఏపీఎస్‌సీ సెన్సార్, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సార్, ఉన్న కెమెరా వస్తే అంకెలు మారతాయి. అప్పుడు 60 లేదా 70 ఎం.ఎం. లెన్సు, ఎఫ్/2.8 రాయండి, దాదాపు ఇదే ఫలితం వస్తుంది. ఫొటోను తర్వాత సగానికి కత్తిరించి పెద్దది చేస్తామంటే స్పష్టమైన లోతు కూడా సగమవుతుంది. అందుకే కత్తిరించే పని ముందే తేల్చుకోండి.

ఫొటోగ్రాఫర్ మాట నమ్మాలా, నా లెక్క నమ్మాలా అని సందేహించనక్కరలేదు. కప్పు పక్కనే బల్ల మీద స్కేలు పెట్టండి. అది బల్ల మీద పడుకుని కెమెరా వైపు పొడవుగా సాగి ఉండాలి, దాని 10 సెంటీమీటర్ల గీత కప్పు మీది పేరుకు సరిగ్గా పక్కన రావాలి. కెమెరాను స్కేలు గీతలు కనిపించేంత మాత్రమే ఎత్తి, పేరు మీద ఫోకస్ చేసి ఒక ఫొటో తీసి, తెరమీద 100 శాతానికి పెంచి చూడండి. ఏ గీత నుంచి ఏ గీత దాకా అంచులు కోసినట్టు ఉన్నాయో లెక్కపెడితే మీ లోతు ఎంతో కళ్లముందే ఉంటుంది. స్పష్టమైన భాగం 10 గీతకు కెమెరా వైపునే ఎక్కువగా ఉంటే ఆటోఫోకస్ కప్పు ముందున్న చెంచానో, ఆవిరినో పట్టుకుందని అర్థం. అప్పుడు ఆటోఫోకస్ ఆపి, లైవ్ వ్యూలో అక్షరాన్ని పెద్దది చేసుకుని చేత్తో ఫోకస్ చేయాలి.

ఇక ఫోను సంగతి. వెనక వైపు రాసి ఉండే ఎఫ్/1.8 చూసి మోసపోవద్దు. ఫోను సెన్సార్ చిన్నది కాబట్టి ఫుల్‌ఫ్రేమ్‌తో పోలిస్తే ఆ లోతు ఎఫ్/7 చుట్టుపక్కల ఉంటుంది. పోర్ట్రెయిట్ మోడ్ చూపేది లెన్సు ఇచ్చిన మసక కాదు, సాఫ్ట్‌వేర్ అంచు గీసుకుని పూసిన మసక. కప్పు చెవి మధ్య ఖాళీలో చూడండి. అక్కడ చాలాసార్లు వెనక గోడ స్పష్టంగా ఉండిపోతుంది. ఆవిరిని సగం కత్తిరిస్తుంది, గాజు కప్పు అంచును తినేస్తుంది. ప్రకటనకు అది పనికిరాదు.

అంతకన్నా నన్ను కలవరపెట్టేది భద్రత. చాలా ఫోన్లు పోర్ట్రెయిట్ ఫొటోలో మసక పూయని అసలు చిత్రాన్నీ, ఏది ఎంత దూరంలో ఉందో చెప్పే లోతు వివరాలనూ కూడా దాచుకుంటాయి. మీరు తర్వాత మసకను పెంచుకోవడానికో తగ్గించుకోవడానికో వీలుండటం అందుకే. ఆ అసలు ఫైలును డ్రైవ్ లింకుగానో, డాక్యుమెంటుగానో ముద్రణ వాళ్లకు పంపితే, వాళ్లూ ఆ మసకను తీసేయగలిగే వీలుంటుంది. ఇప్పుడు మీ కప్పు వెనక ఏముందో ఒకసారి గుర్తు చేసుకోండి. గోడకు అంటించిన వైఫై పాస్‌వర్డు, బిల్లు కౌంటరు తెర, ఫోను నంబర్లతో ఉన్న ఆర్డర్ల పుస్తకం, అన్నీ మసకలో దాగాయనే ధైర్యంతోనే కదా వాటిని తీయకుండా వదిలేశారు? ఇది వాడేవాళ్ల అజాగ్రత్త మాత్రమే కాదు. తెరమీద పోయినట్టు చూపించి, ఫైలులో ఉంచడం, ఆ సంగతి పంపే ముందు ఒక్క మాటైనా చెప్పకపోవడం తయారు చేసినవాళ్ల నిర్లక్ష్యం. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫొటోలో దుకాణం ఉన్న చోటు వివరాలు కూడా ఉంటాయి. దుకాణానికి అది నష్టం కాదు కానీ, ఇంట్లో తీసిన ఫొటో అయితే ఇంటి చోటు బయటపడుతుంది.

కెమెరా లెన్సు మసకబార్చింది మాత్రం ఫైలులో ఎక్కడా స్పష్టంగా దాగి ఉండదు. అయినా పెద్ద అక్షరాలు మసకలోనూ చదవగలిగేంతగా మిగలవచ్చు, నున్నటి కప్పు మీద ఎదుటి గోడ ప్రతిబింబం పడవచ్చు. అందుకని ఫొటో తీసే ముందు పాస్‌వర్డు కాగితాన్ని గోడ మీది నుంచి తీసేయండి, కౌంటరు తెర ఆపేయండి. ఫోనుతో తీసినది పంపాల్సి వస్తే ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి కొత్త జేపెగ్‌గా ఎగుమతి చేయండి. చోటు వివరాలు చెరపడానికి కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ప్రోగ్రాం వేసుకుని, cup.jpg బదులు మీ ఫైలు పేరు రాసి ఈ ఆదేశం ఇవ్వండి:

```
exiftool -gps:all= cup.jpg
```

ఆ తర్వాత ఆ కొత్త ఫైలును ఫోను గ్యాలరీలో తెరవండి. మసకను మార్చే మీట ఇంకా కనిపిస్తుంటే లోతు వివరాలు లోపలే ఉండి ఉండవచ్చు, దాన్ని ఎవరికీ పంపకండి.