మదర్స్ డే రోజు మాట్లాడబోయే మా అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

అమ్మలూ,

మదర్స్ డే ఆదివారం చర్చిలో స్త్రీల సమాజం తరఫున నిన్నే మాట్లాడమన్నారని, అప్పటి నుంచి ఒకటే టెన్షన్‌గా ఉందని ఫోన్లో అన్నావు. పది నిమిషాలే కదా. అమ్మల గురించి ఏం చెప్పాలో నీకు నేను నేర్పక్కర్లేదు. ఏం చేయకూడదో మాత్రం చెబుతాను.

"తల్లులందరూ లేచి నిలబడండి" అనకు. ఇరవై ఏళ్ల కిందట నేనే అన్నాను. అందరూ లేచారు, ముగ్గురు కూర్చుండిపోయారు. అందులో ఒకావిడకి పెళ్లై పదకొండేళ్లు. పక్కనున్న చిన్నపిల్ల "ఆంటీ, మీరు లేవరా?" అని అందరికీ వినపడేట్టు అడిగింది. ఆవిడ వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చుంది, నీళ్లు మాత్రం తాగలేదు. మరుసటేడు ఆ ఆదివారం పుట్టింటికి వెళ్లానంది. ఆ పై ఏడూ అంతే. మూడో ఏటికి గానీ నాకు బుర్రకి ఎక్కలేదు. మీ దగ్గర కూడా ఏటా ఆ ఒక్క ఆదివారమే ఎవరెవరు కనబడరో ఒకసారి గుర్తు చేసుకో.

ఎక్కువ మంది పిల్లల తల్లికి బహుమతి అనే తంతు ఉంటే అదీ మానిపించు. పువ్వులివ్వాలనుకుంటే గుమ్మం దగ్గరే ప్రతి ఆడమనిషికీ, పెళ్లికాని పిల్లలకి కూడా, ఏమీ అడక్కుండా ఒక్కో గులాబీ ఇప్పించు. మేలో మనూళ్లో మల్లెలు చవకే, కానీ దండ చేతిలో పెడితే భర్త పోయినావిడ దాన్ని ఏం చేసుకోవాలో తెలియక నిలబడిపోతుంది.

మొదలుపెట్టడానికి ఈ రోజు ఎలా పుట్టిందో చెప్పు. అమెరికాలో ఆనా జార్విస్ అనే ఆవిడకి 1905 మేలో తల్లి పోయింది. మూడేళ్ల తర్వాత, 1908 మే 10న, వాళ్ల ఊరు గ్రాఫ్టన్‌లోని చర్చిలో తల్లి జ్ఞాపకార్థం ఆరాధన పెట్టించి, తెల్ల కార్నేషన్ పూలు 500 పంపింది. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, పిల్లలూ లేరు. అంటే తల్లిని పోగొట్టుకున్న, తల్లి కాని ఒక మనిషి మొదలుపెట్టిన రోజిది. ఇది చెప్పావంటే ఇక అలాంటివాళ్లని వేరుగా ఆహ్వానించక్కర్లేదు.

వాక్యం బైబిల్లో బిడ్డ కోసం ఏడ్చి ప్రార్థించిన హన్నాది తీసుకుంటావని నాకు తెలుసు, అందరూ అదే తీసుకుంటారు. తీసుకో, కానీ ఆమెకి సమూయేలు పుట్టడంతో ముగించకు. అలా ముగిస్తే "నువ్వు సరిగ్గా ప్రార్థన చేయలేదు" అన్నట్టు వినబడుతుంది కొందరికి. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయం 15వ వచనం దగ్గర ఆగు. యాజకుడైన ఏలీ ఆమెని తాగి ఉందనుకుంటే, "నేను మనోదుఃఖము గలదాననై యున్నాను" అని ఆమె నెమ్మదిగా చెప్పుకుంది. గుడిలో ఉన్న పెద్దమనిషే పొరపాటు పడ్డాడు. మనం పడమూ? మన బైబిల్లో "గొడ్రాలు" అనే మాట చాలాచోట్ల ఉంది, అది వచ్చే వచనాలు మైకులో చదవకు.

దుఃఖంలో ఉన్నవాళ్ల మాట మధ్యలో రావాలి. చివర్లో పెడితే గుర్తొచ్చి అతికించినట్టుంటుంది. మూడు వాక్యాలు చాలు: "ఈ రోజు కొందరికి బరువుగా ఉంటుంది. బిడ్డ కోసం ఎదురుచూసినవాళ్లు, కడుపులోనే పోగొట్టుకున్నవాళ్లు, అమ్మని సాగనంపినవాళ్లు మన మధ్య ఉన్నారు. మీరు ఈ రోజు సంతోషంగా కనబడనక్కర్లేదు." ఆ మాటలప్పుడు ఎవరి వైపూ చూడకు, ఎదురుగా గోడ గడియారాన్ని చూడు. తర్వాత మళ్లీ అమ్మల ముచ్చట్లకి వచ్చెయ్. ఉన్న అమ్మలు నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాలి కదా. "దేవుడు ఇస్తాడులే", "నువ్వు అందరికీ అమ్మవే" లాంటివి మాత్రం అనొద్దు. మొదటిది మనం ఇవ్వలేని మాట, రెండోది వాళ్లు అడగని బిరుదు.

నీకు బాగా తెలిసిన ఒకరిద్దరుంటే శుక్రవారమే ఫోన్ చెయ్. "ఆదివారం నేను మాట్లాడుతున్నాను, నీ పేరు ఎత్తను, రాలేకపోయినా ఏమీ అనుకోను" అను. కారణం అడక్కు.

ఇక నీ సంగతి. మా చెల్లి, అదే మీ అమ్మ, పోయాక నీకిది మొదటి మే. అమ్మ గురించి చెప్పాలనిపిస్తే గొప్ప గుణాలు వద్దు, చిన్నది ఒకటి చెప్పు. చర్చికి బయల్దేరే ముందు కానుక డబ్బులు రుమాలు కొసకి ముడేసుకునేది చూడు, అది చాలు. ఇంట్లో గట్టిగా మూడుసార్లు చదువుకో. గొంతు ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది, అక్కడ కాగితం మీద గీత పెట్టుకుని ఒక గుక్క నీళ్లు తాగు.

రాసిన కాగితం శనివారం సాయంత్రం తీసుకురా, చదివి వినిపిద్దువుగాని. గులాబీల డబ్బు నేనిస్తాను.

మీ పెద్దమ్మ