హ్యాక్ అయిన అకౌంట్ తెప్పిస్తాం అనే రికవరీ ఏజెంట్లను నమ్మొచ్చా?

ప్రశ్న: నా ఇన్‌స్టా అకౌంట్ హ్యాక్ అయింది, పోస్ట్ పెడితే ఒకతను 2000 ఇస్తే గంటలో తెప్పిస్తా అంటున్నాడు, ఇవ్వొచ్చా?

ఇవ్వకండి, ప్లీజ్. మీ పోస్ట్‌లో "హ్యాక్" అనే మాట చూసి చాలాసార్లు బాట్లే రిప్లై ఇస్తాయి, "ఫలానా ఆయన నాది తెప్పించాడు" అని పొగిడే అకౌంట్లు కూడా వాళ్లవే. బయటివాడికి ఇన్‌స్టా సర్వర్‌లోకి దారి ఉండదు, అందుకే వాడు చేసేదల్లా డబ్బు లాగడమే.

ఎలా జరుగుతుందంటే, ముందు 2000 తీసుకుంటాడు, కాసేపటికి మీ పేరు, ఫోటోతో లాగిన్ అయినట్టు స్క్రీన్‌షాట్ పంపుతాడు, అది ఎడిట్ చేసిందే కానీ ఆశతో ఉన్నవాళ్లకి అది తట్టదు, తర్వాత సాఫ్ట్‌వేర్ కోడ్ కొనాలి ఇంకో 5000 అంటాడు, ఆగితే ఇచ్చింది కూడా పోతుందని మీరు కడుతూనే ఉంటారు. ఇంకా ఘోరం ఏంటంటే "మీకొచ్చిన 6 అంకెల కోడ్ చెప్పండి" అంటాడు, అది రికవరీ కోడ్ కాదు, మీ వాట్సాప్‌లోకో మెయిల్‌లోకో లాగిన్ అవ్వడానికి వచ్చిన కోడ్, చెప్తే ఆ అకౌంట్ కూడా పోతుంది.

ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. security@mail.instagram.com నుంచి ఈమెయిల్ మారిందని మెసేజ్ వచ్చి ఉంటే అందులోంచే వెనక్కి మార్చుకోవచ్చు. లేకపోతే instagram.com/hacked కి వెళ్లండి, మీ ఫోటోలున్న అకౌంట్ అయితే వీడియో సెల్ఫీ అడగొచ్చు. ఇది ఫ్రీయే, కానీ ప్రతిసారీ పని చేస్తుందని చెప్పలేను.

ఇప్పటికే కట్టేసుంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి, పేమెంట్ స్క్రీన్‌షాట్లు, చాట్ డిలీట్ చేయకండి.