టెక్ సందేహాలు: దిష్టిచుక్క గీతగా మారిన ఫోటో

ప్రశ్న: మా పాప అన్నప్రాసన రోజు మా నాన్నగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే తమ్ముడు ఫోన్‌లో తీసిన ఫోటో ఇది. నాన్నగారు ఇప్పుడు లేరు. వాళ్ళిద్దరూ కలిసున్న ఫోటో ఇదొక్కటే. చెయ్యి కదిలిందని తమ్ముడంటాడు. పాప ముఖం అలికేసినట్టుంది. ఒక యాప్ సరిచేస్తానంటోంది కానీ, ముందు గ్యాలరీ మొత్తానికీ అనుమతి ఇమ్మంటోంది. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇవ్వకండి. ఎందుకో చెప్పేముందు ఫోటో సంగతి చూద్దాం. కుదించిన కాపీ కాకుండా అసలు ఫైలే పంపారు, మంచి పని చేశారు. నాకొచ్చే ఇలాంటి ఉత్తరాల్లో చాలావాటికి జతగా వచ్చేది పేరులో WA ఉన్న ఫైలు. అది వాట్సాప్ పంపేటప్పుడే కుదించిన కాపీ. దానిమీద ఎంత కష్టపడినా లాభం లేదు.

మీ ఫోటోలో మసక ఒకటి కాదు, రెండున్నాయి. వెనక గోడ మీద సీరియల్ బల్బులు చూడండి. ఒక్కొక్కటీ చుక్కలా ఉండాల్సింది చిన్న అడ్డగీతలా ఉంది. పెద్దది చేసి కొలిస్తే సుమారు 9 పిక్సెళ్ళు. మీ నాన్నగారి చొక్కా చారలు కూడా అంతే మేర జరిగాయి. కదలని వస్తువులన్నీ ఒకే దిక్కుగా, ఒకే పొడవున సాగితే అది తీసినవాళ్ళ చెయ్యి కదలడం. మీ తమ్ముడు చెప్పింది అంతవరకు నిజమే.

ఇప్పుడు పాప బుగ్గ మీద దిష్టిచుక్క చూడండి. అది 70 పిక్సెళ్ళ నల్లటి గీతైంది. నుదుటి బొట్టు దాదాపు 40 దగ్గర ఆగింది. చెయ్యి వల్లే అయితే రెండూ ఆ 9 దగ్గరే ఆగేవి. పాప తల పక్కకి తిప్పింది కాబట్టే ముఖంలో ఒక్కో చోటు ఒక్కో దూరం వెళ్ళింది. ఫోటో వివరాల్లో 1/13 అని ఉంది. సెకనులో పదమూడో వంతు సేపు సెన్సర్ తెరిచి ఉందన్నమాట. ఆ కాస్త సేపట్లో బుగ్గ రెండు సెంటీమీటర్లు జరిగింది. ఆరు నెలల పాప కన్ను కూడా ఇంచుమించు అంతే ఉంటుంది.

చెయ్యి కదలిక వల్ల వచ్చిన మసకని చాలావరకు వెనక్కి తీసుకోవచ్చు. చిత్రమంతా ఒకే తీరున సాగింది, ఎటు ఎంత సాగిందో బల్బులే చెబుతున్నాయి. ఆ లెక్క ప్రకారం తిరగదోడే పద్ధతిని డీకన్వల్యూషన్ అంటారు. కంప్యూటర్‌లో GIMP అనే ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఉంటే, దానికి G'MIC ప్లగిన్ చేర్చుకుంటే `Sharpen [Richardson-Lucy]` అనే ఫిల్టర్ దొరుకుతుంది. అది మసకని గీతలా కాకుండా గుండ్రంగా ఊహిస్తుంది కాబట్టి ఇలాంటి చిన్న కదలికలకే పనికొస్తుంది. `Iterations` తక్కువ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పెంచుతూ, చొక్కా చారల అంచుల మీద కన్నుంచండి. అంచు పక్కన లేని గీతలు నీటి అలల్లా ఒకటొకటిగా పుడుతున్నాయంటే హద్దు దాటారు, వెనక్కి రండి. చీకట్లో తీసిన ఫోటోలో గరుకు ముందే ఉంటుంది. ఈ ఫిల్టర్ దాన్ని కూడా వివరమే అనుకుని పైకి లాగుతుంది. అసలు మాటేమిటంటే, దీన్ని మామూలు 4x6 సైజులో ప్రింట్ తీయిస్తే ఆ 9 పిక్సెళ్ళు మిల్లీమీటరులో మూడో వంతు. కంటికి ఆనదు. దానికోసం ఏమీ చెయ్యకపోయినా నష్టం లేదు.

పాప ముఖం అలా కాదు. 70 పిక్సెళ్ళు సాగిన చోట ప్రతి పిక్సెల్‌లోనూ దాని దారిలో వచ్చిన కనురెప్ప, చర్మం, కాటుక అన్నీ కలిసి ఒక సగటు రంగైపోయాయి. రెండు సంఖ్యలు కలిపితే 10 అని మాత్రమే చెబితే అవి 3, 7 అనాలో 4, 6 అనాలో ఎవరు చెప్పగలరు? ఇదీ అంతే. కనురెప్పల వెంట్రుకలు, కంటిపాప ఎటు చూస్తోంది, పెదాలు విడివడ్డాయా లేదా, ఇవి ఫైలులో ఎక్కడా లేవు. దాగి ఉన్నవైతే వెలికితీయొచ్చు, ఇవి అసలు లేకుండా పోయాయి. పైగా తల తిరిగింది కాబట్టి ముఖమంతటికీ సరిపోయే ఒకే లెక్క దొరకదు. జుట్టు అంచు, కనుబొమ గీత లాంటి పెద్దవి కాస్త తేటపడతాయి. అంతకుమించి ఆశపెట్టడం నాకిష్టం లేదు.

మరి యాప్‌లు చూపించే మెరుపు ముఖాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? వేల ముఖాలు చూసి నేర్చుకున్న పోలికల నుంచి. అవి కొత్త ముఖం గీస్తాయి. నా ఫోటోనే ఒకటి కావాలని అలికి అలాంటి యాప్‌కి ఇచ్చి చూశాను. బుగ్గ మీద పుట్టుమచ్చ పోయింది, నాకు లేనంత ఒత్తైన కనురెప్పలు వచ్చాయి. మీ నాన్నగారి ఒళ్ళో ఎవరో తెలియని పాప కళ్ళు పెట్టుకుని, పదేళ్ళ తర్వాత ఇది నువ్వే అని మీ అమ్మాయికి చూపిస్తారా? మీరు ఆ పని చెయ్యకూడదని గట్టిగా అనుకుంటున్నాను.

ఇక ఆ అనుమతి. ఒక్క ఫోటో బాగుచెయ్యడానికి గ్యాలరీ మొత్తం దేనికి? అందులో మీ ఆధార్ ఫోటో ఉంటుంది, పాస్‌బుక్ మొదటి పేజీ ఉంటుంది, పాపకి నీళ్ళు పోస్తుండగా తీసిన ఫోటోలుంటాయి. చాలా ఫోటోల లోపల ఎక్కడ తీశారన్నది అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదై ఉంటుంది, అంటే మీ ఇంటి చిరునామా. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి పని జరిగేది మీ ఫోన్‌లో కాదు, ఎక్కడో ఉన్న సర్వర్‌లో. ఫోటో ఒకసారి అక్కడికి చేరాక మీరు యాప్ తీసేసినా అక్కడి కాపీ పోదు. పిల్లల ముఖాల విషయంలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. కొత్త ఫోన్లలో ఎంచుకున్న ఫోటోలకే అనుమతినిచ్చే వీలుంది. దానికి ఒప్పుకోని యాప్‌ని ఆ క్షణమే తీసెయ్యండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ అనుమతుల్లోకి వెళ్ళి వెనక్కి తీసుకోండి. మీరు పంపిన ఫైలు కూడా నేను కొలతలు చూసుకుని తొలగించాను.

కోపం వచ్చే మాట ఇంకొకటుంది. మనిషి ముఖం కనబడగానే చుట్టూ గడి గీసి చూపించే కెమెరా, ఆ ముఖం పసిపిల్లదైనా 1/13 దగ్గరే కూర్చుంటుంది. గరుకు లేకుండా నున్నగా వస్తే చాలని తయారీదారులు అనుకుంటున్నారు. ప్రకటనల్లో కదలని భవనాల రాత్రి దృశ్యాలు చూపించి అమ్ముతున్నారు. స్థిరీకరణ ఉందని చెప్పుకునేది చెయ్యి వణుకుని ఆపుతుంది, పిల్ల కదలికని ఆపలేదు. అదే రోజు 1/200 పెట్టి తీసి ఉంటే ఫోటో గరుకుగా వచ్చేది కానీ, ఆ దిష్టిచుక్క 5 పిక్సెళ్ళు దాటి జరిగేది కాదు. గరుకుని తర్వాత తగ్గించుకోవచ్చు.

మీకు నిజంగా అక్కరకొచ్చే దారి వేరే ఉంది. తమ్ముడి ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి, నొక్కి పట్టుకుంటే కదులుతుందేమో చూడమనండి. కదిలితే దానితోపాటు రెండు మూడు సెకన్ల వీడియో దాగి ఉన్నట్టే. అది కాకపోతే ఆ రోజు వచ్చినవాళ్ళలో వీడియో తీసినవాళ్ళెవరో కనుక్కోండి. పెద్దమ్మలు, పిన్నులు, పక్కింటివాళ్ళు, ఎవరో ఒకరు తీసే ఉంటారు. మామూలు వీడియోలో సెకనుకి 30 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 1/30 సెకనుకి మించి తెరిచి ఉండదు కాబట్టి సాగుడు సగానికన్నా తక్కువ. పైగా పాప తల ఎక్కడో ఒకచోట ఆగుతుంది కదా, ఆ ఫ్రేమే మీకు కావాల్సింది. వీడియోని డాక్యుమెంట్‌గా పంపించుకుని కంప్యూటర్‌లో VLC లో తెరవండి. `E` నొక్కితే ఒక్కో ఫ్రేమే ముందుకెళుతుంది, నచ్చినచోట `Shift+S` నొక్కితే ఫోటోగా దాచుకుంటుంది. పిక్సెళ్ళు తక్కువే ఉంటాయి, చిన్న ప్రింటుకి సరిపోతుంది. ఎవరైనా ఫోన్ మార్చేలోపే అడగండి.