పొద్దున పోయించుకున్న పచ్చిపాలు మధ్యాహ్నం కాస్తే సరిపోతుందా?

బుజ్జీ,

నిన్న ఫోనులో నువ్వన్న ఒక్క మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. "ఆరున్నరకి పాలబ్బాయి పోసి వెళ్తాడు పెద్దమ్మా. ఒంటిపూట బడి కదా, కాచే టైం ఉండదు. గిన్నె మీద మూత పెట్టేసి వెళ్తాను, ఒంటిగంటకి వచ్చి కాస్తాను. నాలుగు రోజుల్లో ఒక్కసారే విరిగాయి" అన్నావు. ఫ్రిజ్ ఇంకా కొనలేదన్నావు. ఆ పాలే చంటోడికీ పడుతున్నావు. ముప్పై ఏళ్లు గేదెల్ని సాకి పాలకేంద్రానికి పాలు పోసినదాన్ని కాబట్టి, ఈ ఒక్క విషయం నేను చెబితే వింటావని రాస్తున్నాను.

ముందు గంటలు లెక్కపెట్టు. నువ్వు ఆరున్నర నుంచి లెక్క వేస్తున్నావు. కానీ గేదెను పితికేది తెల్లవారుజామున నాలుగున్నర, ఐదింటికి. పొదుగులోంచి వచ్చిన పాలు ఒంటి వేడితోనే ఉంటాయి. పచ్చిపాలకు తనను తాను కాపాడుకునే గుణం కాసేపు ఉంటుంది గానీ, మన వాతావరణంలో అది ఓ రెండు గంటల పాటే. ఆ రెండు గంటలూ పాలబ్బాయి క్యాన్‌లో, బండి మీదే అయిపోతాయి. నీ గిన్నెలో పడేసరికి పాలకు ఆ కాపు ఉండదు. అక్కడి నుంచి ఒంటిగంట దాకా వంటింటి వేడిలో మరో ఆరున్నర గంటలు. అంత వెచ్చదనంలో సూక్ష్మజీవులు అరగంటకోసారి రెట్టింపవుతాయి. పాలబ్బాయి నిన్న సాయంత్రం మిగిలిన పాలు కలిపి ఉంటే ఇక ఆ లెక్క చెప్పనే అక్కర్లేదు. ఎప్పుడు పితికారు, రాత్రి పాలు కలిపారా అని వాడిని తప్పకుండా అడుగు. అడిగేవాళ్లకు పోసే పాలు వేరుగా ఉంటాయమ్మా, ఇది నేను అటువైపు ఉండి చూసిన సంగతే.

"విరగలేదు కదా, మరిగించాక ఇంకేం ఉంటుంది?" అని నువ్వు అనొచ్చు. నేనూ ఒకప్పుడు అదే అనుకున్నాను. ఒక ఏప్రిల్‌లో మా మరిది వాళ్లు వస్తున్నారని పొద్దుటి పాలు రెండు లీటర్లు కేంద్రానికి పోయకుండా ఉంచాను. పనుల్లో పడి పదకొండింటి దాకా కాచలేదు. వాసన చూశాను, బాగానే ఉంది. గరిటెలో కొంచెం పోసి పొయ్యి మీద పట్టాను, విరగలేదు. సగ్గుబియ్యం పాయసం చేశాను. అరగంటసేపు కుతకుతా ఉడికిన పాయసం అది. రెండింటికి తిన్నారు. ఐదు కాకముందే మా తోటికోడలికీ, ఇద్దరు పిల్లలకూ వాంతులు మొదలయ్యాయి. పాయసం తినని మా మామగారికి ఏమీ కాలేదు. డాక్టరుగారు అన్నీ అడిగి, గేదెలకు పొదుగువాపు ఏమైనా ఉందా అన్నారు. నాలుగు రోజులుగా ఒక గేదెకు ఒక చన్ను గట్టిపడి ఉంది, పాలలో సన్నటి పలుకులు వస్తున్నాయి. చిన్నదేలే అని ఆ పాలు విడిగా తీయలేదు.

ఆయన చెప్పింది ఇప్పటికీ నాకు గుర్తుంది. పొదుగువాపులోనూ, పుండున్న చేతుల మీదా ఉండే స్టఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి వెచ్చటి పాలలో గంటల తరబడి పెరిగితే ఒక విషం వదులుతుందట. మరిగిస్తే సూక్ష్మజీవి చస్తుంది, అది అప్పటికే వదిలిన విషం మాత్రం అలాగే ఉంటుంది. పాల రంగు మారదు, వాసన మారదు. పాలు విరగాలంటే పులుపు పెరగాలి, ఈ విషానికీ పులుపుకీ సంబంధం లేదు. కాబట్టి విరగకుండా పొంగినంత మాత్రాన పాలు మంచివని చెప్పలేం. పైగా పాలు విరగకుండా వంటసోడా కలిపేవాళ్లూ ఉన్నారు. అలాంటి పాలైతే పులిసినా విరగవు.

మరి కాచడం వల్ల ఉపయోగం లేదా అంటే, చాలా ఉంది, వెంటనే కాస్తే. పశువుకు చూడి నిలవనివ్వని బ్రూసెల్లా, క్షయ, టైఫాయిడ్ లాంటివన్నీ మరిగితే పోతాయి. విషం తయారవడానికి టైం ఇవ్వకుండా కాస్తే ఆ బాధా ఉండదు. అందుకే పాలు గిన్నెలో పడగానే పొయ్యి మీద పెట్టాలి. ఎండాకాలంలో పచ్చిపాలు గంటకు మించి బయట ఉంచొద్దు. నీ అర లీటరు కాగడానికి పది నిమిషాలు పట్టదు. జడ వేసుకునేలోపు అయిపోతుంది. మొదటి పొంగు రాగానే కట్టేయకు. మీగడ కింద ఆవిరి చిక్కుకుని పైకి లేచేదే పొంగు. మంట తగ్గించి, గరిటెతో అడుగు నుంచి కలుపుతూ రెండు మూడు నిమిషాలు మరగనివ్వు.

కాచిన పాలు కూడా ఫ్రిజ్ లేకుండా రోజంతా ఉండవు. మా అమ్మ దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలకుండ ఉంచేది. పాలు ఎర్రబడి, పైన అట్టలాంటి మీగడ కట్టేవి. ఆ పాలు నిలిచింది కుండ మహిమ వల్ల కాదు, సెగ ఒక్క నిమిషం కూడా ఆరకపోవడం వల్ల. నీకు ఆ వీలు లేదు కాబట్టి, చంటోడికి కావలసినవి, నీ కాఫీకి కావలసినవి పొద్దునే వాడేసి, మిగిలినవాటిని తోడు పెట్టెయ్. వేలు పెడితే గోరువెచ్చగా తగిలినప్పుడు అర లీటరుకు ఒక చెంచాడు మజ్జిగ కలిపితే, నువ్వు బడి నుంచి వచ్చేసరికి గట్టిగా తోడుకుని ఉంటుంది.

పచ్చిపాలు పులిసినా, పెరుగైనా రెండూ పులుపే కదా అనుకోకు. కాచిన పాలలో మనం వేసిన తోడు తప్ప ఇంకేమీ దాదాపు ఉండదు. అదే ముందుగా పెరిగి, తన పులుపుతో వేరేదాన్ని పెరగనివ్వదు. పచ్చిపాలలో ఏది ముందు పెరుగుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఆరు గంటలు పచ్చిగా ఉండి విరిగిన పాలను పన్నీరు చేయకు, కోవా చేయకు. మంచి పాలలో నిమ్మకాయ పిండి విరగ్గొట్టడం వేరు, వాటంతట అవే విరగడం వేరు. విరగకపోయినా పారబొయ్యాల్సిందే. ముప్పై రూపాయలు పోతాయని ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. మా ఇంట్లో ఆ రోజు సెలైన్లకూ మందులకూ అయిన ఖర్చుతో రెండు నెలల పాలు వచ్చేవి.

ఇప్పటికే తాగి, కొద్ది గంటల్లో వాంతులు మొదలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినన్ని కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టు. చంటోడు ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, కళ్లు లోపలికి పోయినా, మగతగా పడుకున్నా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లు.

ఇంకో మాట. గేదెను సాయంత్రం కూడా పితుకుతారు. పొద్దున పావు లీటరు, సాయంత్రం ఆరింటికి పావు లీటరు పోయమని పాలబ్బాయిని అడిగి చూడు. నువ్వు ఇంట్లోనే ఉంటావు, రాగానే కాచుకోవచ్చు. వాడు కుదరదంటే నాకు ఫోన్ చెయ్.

నీ పెద్దమ్మ