కిలోల లెక్కలో కనిపించని చిన్న సీసా ఖర్చు

ప్రశ్న: గుంటూరు దగ్గర మాకు పచ్చళ్ళ యూనిట్ ఉంది. హోటళ్ళకు 5 కిలోల డబ్బాలు, ఇళ్ళకు ఆర్డరు మీద 250 గ్రాముల సీసాలు అమ్ముతాం. డబ్బా పచ్చడి మాకే కిలో 250 రూపాయలు పడుతోంది, పోటీవాళ్ళు 245కే ఇస్తున్నారు. సీసా మీద మాత్రం 15 రూపాయలు మిగులుతోంది. డబ్బాలు మానేసి సీసాలే చేయమంటారా?

జవాబు: డబ్బాలు మానకండి. మీరు పంపిన లెక్కల కాగితాలను బట్టి చూస్తే మీకు లాభం తెస్తున్నవి అవే, సీసా నష్టంలో ఉంది.

మీ అకౌంటెంటు ఏడాది ఓవర్‌హెడ్‌ను, అంటే సరుకు, కూలి కాక అయ్యే మిగతా ఖర్చులు 6,00,000 రూపాయలను, 5,000 కూలి గంటలతో భాగించి గంటకు 120 రూపాయల రేటు కట్టారు. కిలో పచ్చడికి అరగంట కూలి పడుతుంది కాబట్టి, డబ్బాలోకి వెళ్ళినా సీసాలోకి వెళ్ళినా ప్రతి కిలో మీదా 60 రూపాయలే పడింది. ఇది సంప్రదాయ పద్ధతి. ఓవర్‌హెడ్ అంతా కూలి గంటలతో పాటే పెరుగుతుందన్న ఊహ మీద అది నిలబడి ఉంది, మీ యూనిట్‌లో ఆ ఊహ నిజం కాదు. గోంగూర పట్టిన మిషన్‌ను ఆవకాయకు ముందు కడిగి ఆరబెట్టడానికి, తరువాత పట్టేది 400 కిలోలైనా 50 కిలోలైనా, ఒకే ఖర్చు అవుతుంది. ఆర్డరు రాసుకుని, ప్యాక్ చేసి, బిల్లు వేసి పంపే పని కూడా అంతే.

యాక్టివిటీ బేస్డ్ కాస్టింగ్‌లో ముందుగా ఖర్చును పనుల వారీగా విడదీసి, ఆ పనిని ఏ సరుకు ఎన్నిసార్లు చేయించుకుందో చూసి దాని మీద వేస్తారు. మీ 6,00,000 రూపాయలలో మిషన్ కరెంటు, మరమ్మతులు, తరుగుదల 2,00,000. అద్దె, లైసెన్సుల వంటివి 1,00,000. ఈ రెండింటినీ కిలోల లెక్కనే పంచాను, కాబట్టి వాటి విషయంలో పాత లెక్కకూ కొత్త లెక్కకూ తేడా లేదు. తేడా అంతా మిగిలిన రెండు పనులలో ఉంది. మిషన్ కడిగి సిద్ధం చేయడానికి అయిన 1,20,000 రూపాయలను 60 బ్యాచ్‌లకు పంచితే బ్యాచ్‌కు 2,000 పడుతుంది. 8,000 కిలోల డబ్బా సరుకుకు 20 బ్యాచ్‌లు సరిపోగా, 2,000 కిలోల సీసా సరుకుకు 40 పట్టాయి. ఆర్డర్ల పనికి అయిన 1,80,000 రూపాయలను 1,200 ఆర్డర్లకు పంచితే ఒక్కోదానికి 150 పడుతుంది. వాటిలో 1,000 ఆర్డర్లు సీసాలవే.

అన్నీ కూడితే డబ్బా పచ్చడికి కిలోకు 38.75 రూపాయల ఓవర్‌హెడ్, సీసా పచ్చడికి 145 రూపాయలు తేలుతాయి. సరుకు, కూలి కలిపి మీరు చూపిన 190కి దీన్ని చేర్చితే డబ్బా పచ్చడి కిలో 228.75కే పడుతోంది, అంటే 245కు ఇచ్చినా మీకు 16 రూపాయలకు పైగా మిగులుతుంది. సీసా పచ్చడికి గాజు సీసాతో కలిపి కిలోకు 240 అవుతోంది కనుక, 75 అనుకున్న సీసా నిజానికి 96.25 పడుతోంది, మీరు అమ్మేది 90కి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆర్డర్లు చూసే ఉద్యోగులు ఏడాదికి 1,500 ఆర్డర్లు పంపగలరని మీరే రాశారు. అలాంటప్పుడు వాస్తవంగా వచ్చిన 1,200తో కాకుండా చేయగలిగిన 1,500తో భాగించడమే సరైనది. రేటు 120కి దిగుతుంది, వాడుకోని సామర్థ్యం ఖర్చు 36,000 రూపాయలను ఏ సరుకు మీదా వేయకుండా విడిగా చూపాలి. లేకపోతే ఆర్డర్లు తగ్గిన ఏడాది రేటు పెరిగి, దాన్ని చూసి మీరు ధర పెంచి, ఆర్డర్లు ఇంకా పోగొట్టుకుంటారు. ఇలా సరిదిద్దినా సీసా 92.50 పడుతుంది, నష్టం తగ్గుతుందే కాని పోదు.

అలాగని సీసాలు రేపే ఆపేస్తే వాటి మీద వేసిన 2,90,000 రూపాయలు మీ చేతికి రావు. అద్దె, జీతాలు అలాగే ఉండి డబ్బాల మీద పడతాయి. ఏ పని ఎంత ఖర్చును లాగుతోందో మాత్రమే ఈ లెక్క చెబుతుంది, ఏ ఖర్చు వెంటనే ఆగుతుందో చెప్పదు. అందుకే నేను చూసేది సీసా ఆర్డర్ల తీరును. ఇప్పుడు ఒక్కో ఆర్డరులో సగటున 8 సీసాలే వెళ్తున్నాయి, కాబట్టి 1,200తో భాగించిన రేటు ప్రకారం సీసాకు ఆర్డరు ఖర్చే 18.75 అవుతోంది. ఆర్డరు సగటు 16 సీసాలకు చేరేలా కనీస పరిమాణం పెట్టి, సీసా బ్యాచ్‌ను 50 నుంచి 100 కిలోలకు పెంచితే, అదే రేట్లతో సీసా ఖర్చు దాదాపు 14 రూపాయలు తగ్గి 82కు చేరుతుంది. ఇలా మిగిలిన సమయాన్ని మరో పనికి వాడితేనో, అదనపు కూలి గంటలు తగ్గిస్తేనో ఆ తగ్గుదల డబ్బు రూపంలో కనిపిస్తుంది.

ధర మార్చే ముందు ఒక పని చేయండి. మిషన్ కడిగే మనిషి, ఆర్డర్లు చూసే మనిషి రెండు వారాల పాటు ఏ సరుకు కోసం ఎన్ని నిమిషాలు పనిచేశారో పుస్తకంలో రాయించండి. కడగడానికి అన్ని బ్యాచ్‌లకూ ఒకే సమయం పడుతోందని నేను అనుకున్నాను. చిన్న బ్యాచ్‌కు నిజంగా తక్కువ సమయం పడుతుంటే బ్యాచ్‌కు 2,000 అన్న రేటు తప్పు, అప్పుడు బ్యాచ్‌ల సంఖ్యతో కాకుండా ఆ నిమిషాలతోనే ఖర్చు పంచాలి.